కస్టమ్స్ బ్రోకరుకు లోటు పత్రాల లేఖ

విదేశం నుంచి వచ్చిన సరుకు రేవులోనో, కంటైనర్ డిపోలోనో పత్రాల కొరత వల్ల ఆగినప్పుడు, దిగుమతిదారు తన కస్టమ్స్ బ్రోకరుకు రాసే ఉత్తరమే లోటు పత్రాల లేఖ. ఏ పత్రం లేదు, ఉన్నదానిలో ఏం తప్పుంది, దాన్ని ఎవరు సరిచేయాలి, ఏ రూపంలో ఎప్పటికి చేరుతుంది, ఈలోగా బ్రోకరు ఏం చేయాలి అన్నవన్నీ అందులో ఉంటాయి. దీనికి ప్రభుత్వం నిర్ణయించిన నమూనా లేదు. ఆంధ్ర, తెలంగాణ వ్యాపారులు దీన్ని ఎక్కువగా ఇంగ్లీషులో ఈమెయిల్‌గా పంపి, ఆ తర్వాత ఫోనులో తెలుగులో వివరిస్తారు. ఏ భాషలో రాసినా లేఖ ప్రయోజనం ఒకటే. కంటైనరు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది చాలాసార్లు ఈ ఒక్క ఉత్తరం ఎంత స్పష్టంగా ఉందన్నదాని మీదే ఆధారపడుతుంది.

భారతదేశంలో కస్టమ్స్ బ్రోకరు 1962 నాటి కస్టమ్స్ చట్టం 146వ సెక్షన్ కింద లైసెన్సు పొందిన వ్యక్తి లేదా సంస్థ. 2013 వరకు కస్టమ్స్ హౌస్ ఏజెంట్ అనేవారు. రేవుల్లో నేటికీ సీహెచ్‌ఏ అనో, క్లియరింగ్ ఏజెంట్ అనో పిలుస్తారు. 2018 నాటి లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం బ్రోకరు దిగుమతిదారు నుంచి రాతపూర్వక అధికారం తీసుకోవాలి, చట్టాన్ని పాటించమని అతనికి సలహా చెప్పాలి, తాను అందించే సమాచారం సరైనదేనని జాగ్రత్తగా చూసుకోవాలి. అందువల్ల దిగుమతిదారు నోటిమాటతో చెప్పిన సంగతిని అధికారి ముందు పెట్టడానికి మంచి బ్రోకరు వెనకాడతాడు, రాసి ఇమ్మంటాడు. లేని పత్రాన్ని బ్రోకరు పుట్టించలేడు, తప్పున్న పత్రాన్ని దిద్దలేడు. అతను చేయగలిగింది అందిన పత్రాన్ని సరైన చోట, సరైన పేరుతో దాఖలు చేయడం, అధికారి ప్రశ్నకు జవాబివ్వడం, ఏ దారి తెరిచి ఉందో చెప్పడం.

పత్రాల కొరత ఎలా బయటపడుతుందో తెలిస్తే లేఖలో ఏముండాలో అర్థమవుతుంది. దిగుమతికి ప్రధాన దాఖలా బిల్ ఆఫ్ ఎంట్రీ. దీన్ని బ్రోకరు ఐస్‌గేట్ పోర్టల్‌లో దాఖలు చేస్తాడు. ఆధార పత్రాలను డిజిటల్ సంతకంతో ఈ-సంచిత్‌లో ఎక్కిస్తే ఒక్కో పత్రానికి ఒక్కో ఐఆర్ఎన్ సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యలను బిల్ ఆఫ్ ఎంట్రీకి జతచేస్తారు. 2020 అక్టోబరు 31 నుంచి ముఖాముఖి లేని మదింపు దేశమంతటా అమల్లో ఉంది కాబట్టి, విశాఖపట్నంలో దిగిన సరుకు బిల్లును మరో నగరంలోని అధికారి చూడవచ్చు. ఆయనకు సందేహం వస్తే కంప్యూటర్‌లోనే క్వెరీ పెడతాడు. ఆ బిల్లు జవాబు వచ్చేదాకా కదలదు. వెళ్లి కలిసి నచ్చజెప్పే వీలు లేదు కనుక, తెర మీద కనిపించే పత్రమూ జవాబూ తప్ప దిగుమతిదారు పక్షాన మాట్లాడేది మరొకటి ఉండదు.

విదేశీ వాణిజ్య విభాగం 2015 ఏప్రిల్ 1 నుంచి దిగుమతికి తప్పనిసరి పత్రాలను మూడుకు తగ్గించింది. అవి రవాణా పత్రం, ప్యాకింగ్ వివరాలున్న ఇన్వాయిస్, బిల్ ఆఫ్ ఎంట్రీ. ఈ మూడింటితోనే పని పూర్తవుతుందని కొత్త వ్యాపారులు అనుకోవడం సహజం. కానీ అది అన్ని సరుకులకూ వర్తించే కనీస జాబితా మాత్రమే. సరుకు స్వభావాన్ని బట్టి వేరే శాఖల అనుమతులు, కోరుకున్న సుంకం రాయితీని బట్టి వేరే ధ్రువపత్రాలు దానికి తోడవుతాయి. కొరత వచ్చేది దాదాపు ఎప్పుడూ ఈ రెండో వరుసలోనే.

ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపప్పు తీసే కర్మాగారాలు చాలా ఉన్నాయి. స్థానిక పంట చాలక అవి ఆఫ్రికా దేశాల నుంచి జీడిపిక్కలు తెప్పించుకుంటాయి. అలాంటి ఒక కర్మాగారం టాంజానియా నుంచి 40 అడుగుల కంటైనర్లు రెండింటిలో 50 టన్నుల పిక్కలు విశాఖ రేవుకు తెప్పించిందనుకుందాం. ధర టన్నుకు 1,500 డాలర్లు, ఓడ కిరాయి అందులోనే ఉంది. ఓడ 6వ తేదీన వచ్చింది. బ్రోకరు 5వ తేదీనే బిల్ ఆఫ్ ఎంట్రీ వేశాడు. ఇది మంచి పని. ఓడ వచ్చే ముందురోజుకల్లా బిల్లు పడకపోతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆ తర్వాత రోజుకు 10,000 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. 8వ తేదీన క్వెరీ వచ్చింది. ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో శుద్ధి వివరాలు లేవని, సుంకం మినహాయింపు కోరిన మూలదేశ ధ్రువపత్రంలోని ఇన్వాయిస్ సంఖ్య దాఖలైన ఇన్వాయిస్‌తో కలవడం లేదని అందులో ఉంది. షిప్పింగ్ లైన్ ఇచ్చిన ఉచిత గడువు 19వ తేదీతో ముగుస్తుంది.

జీడిపిక్కల విషయంలో ఆలస్యం జేబుకే కాదు, సరుకుకూ చేటు. తేమ ఎక్కువున్న పిక్కలు మూసిన కంటైనరులో వేడెక్కుతాయి, పైకప్పుకు పట్టిన చెమ్మ బస్తాల మీద కారుతుంది, పప్పు నల్లబడుతుంది. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందన్న లెక్క మీదే ఈ వ్యాపారమంతా నడుస్తుంది కాబట్టి, పది రోజుల నిలవ ఆ లెక్కనే మార్చేయగలదు.

ఈ పరిస్థితిలో చాలామంది పంపే సందేశం “సార్, పేపర్స్ అన్నీ పంపాం కదా, ఇంకా ఏం కావాలో చూసి త్వరగా చేయించండి” అని ఉంటుంది. దీనికి బ్రోకరు ఆఫీసులో జవాబు రాయాల్సిన మనిషి ముందు ఏ బిల్లో వెతకాలి, తర్వాత క్వెరీ చదవాలి, తర్వాత ఏ పత్రం ఎవరి దగ్గరుందో తిరిగి అడగాలి. అక్కడే రెండు రోజులు పోతాయి. అదే కర్మాగారం పంపదగిన లేఖ ఇలా ఉంటుంది:

“గౌరవనీయులైన బ్రోకరు గారికి,

విషయం: టాంజానియా జీడిపిక్కలు, రెండు కంటైనర్లు. 8వ తేదీ క్వెరీకి పత్రాలు.

మా బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు, తేదీ, బిల్ ఆఫ్ లేడింగ్ నంబరు, రెండు కంటైనర్ల నంబర్లు పైన ఇచ్చాం. క్వెరీ పూర్తి పాఠం జతపరిచాం. ఉచిత గడువు 19తో ముగుస్తుంది.

1. ఫైటోశానిటరీ సర్టిఫికెట్: మీ దగ్గరున్న ప్రతిలో శుద్ధి భాగం ఖాళీగా ఉంది. దాని బదులు కొత్త సర్టిఫికెట్ ఇవ్వమని అక్కడి మొక్కల సంరక్షణ అధికారులకు ఎగుమతిదారు 9న దరఖాస్తు పెట్టారు. స్కాన్ 12వ తేదీకి, అసలు ప్రతి కొరియర్‌లో 16వ తేదీకి వస్తాయని చెప్పారు. లోడింగ్ ముందు చేసిన ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్ ఇప్పుడే పంపుతున్నాం.

2. మూలదేశ ధ్రువపత్రం: ఇందులో ఉన్నది మొదటి ఇన్వాయిస్ నంబరు. ఎగుమతిదారు బరువు సవరించి రెండో ఇన్వాయిస్ ఇచ్చారు, మీరు వేసింది అదే. సవరించిన ధ్రువపత్రం అడిగాం. తేదీ ఇంకా ఖాయం కాలేదు.

3. అసలు బిల్ ఆఫ్ లేడింగ్: మూడు ప్రతులూ మా బ్యాంకులో ఉన్నాయి. 11న సొమ్ము చెల్లించి, బ్యాంకు ఎండార్స్‌మెంట్‌తో 12న మనిషి చేత విశాఖ పంపుతాం.

4. బీమా పాలసీ: ప్రతి జతపరిచాం.

మీ నుంచి కావలసినవి: శుద్ధి వివరాలు రాకపోతే విశాఖలోనే ఫ్యూమిగేషన్ చేయించడానికి మొక్కల క్వారంటైన్ అధికారులు ఒప్పుకుంటారా, ఖర్చెంత అన్నది రేపటిలోగా చెప్పగలరు. మూలదేశ ధ్రువపత్రం 15 నాటికి రాకపోతే ఏం చేయాలో మీ సలహా రాతలో ఇవ్వండి. ఎక్కించిన ప్రతి పత్రానికీ ఐఆర్ఎన్ సంఖ్య, క్వెరీ జవాబు ప్రతి మాకు పంపండి. మమ్మల్ని అడగకుండా రాయితీ వదులుకోవద్దని, బిల్లు సవరించవద్దని మనవి.”

ఈ లేఖ బలం పత్రాల పేర్లలో లేదు, ప్రతి పేరు పక్కనా ఉన్న వివరంలో ఉంది. “ఫైటో కావాలి” అంటే ఎగుమతిదారు ఇదివరకు పంపిన ఫైటోనే మళ్లీ పంపుతాడు. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అంతర్జాతీయ ఒప్పందం నమూనా ప్రకారం వచ్చే పత్రం. అందులో సరుకు వర్ణన ఒక భాగం, అదనపు ప్రకటన ఒకటి, శుద్ధి ఒకటి. ఈ మూడో భాగంలో ఏ తేదీన, ఏ రసాయనంతో, ఎంత గాఢతలో, ఎంతసేపు, ఎంత ఉష్ణోగ్రత వద్ద శుద్ధి చేశారో రాయాలి. మన ఉదాహరణలో సరుకుకు నిజంగానే పొగ పెట్టారు, దానికి ప్రైవేటు సంస్థ ఇచ్చిన కాగితమూ ఉంది. అయినా ప్రభుత్వ పత్రంలో ఆ గడులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గడిని ఎగుమతిదారు చేత్తో నింపి పంపితే అది దిద్దిన పత్రమవుతుంది, దానితో వచ్చే చిక్కు మొదటిదానికంటే పెద్దది. జారీ చేసిన అధికారే కొత్తది ఇవ్వాలి. లేఖలో “ఎవరు సరిచేయాలి” అన్నది విడిగా ఉండాల్సింది ఇందుకే. పత్రం అందిన రోజే చదవవలసినవి కూడా ఈ గడులూ, వర్ణన భాగంలోని బరువు, బస్తాల సంఖ్య, కంటైనరు నంబర్లే. తప్పు ఓడ బయలుదేరే ముందు కనపడితే ఒక్క ఫోనుతో పోతుంది.

మంచి లేఖ చేసే రెండో పని, సరుకును నిలిపేసే పత్రాలనూ ఖర్చు మాత్రమే పెంచే పత్రాలనూ వేరుచేయడం. నా అభిప్రాయంలో దిగుమతిదారులు ఎక్కువ నష్టపోయేది ఈ తేడా గుర్తించకనే. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ మొదటి రకం. మొక్కల క్వారంటైన్ అనుమతి లేకుండా ఎంత సుంకం కట్టినా పిక్కలు బయటికి రావు. మూలదేశ ధ్రువపత్రం రెండో రకం. అది లేకపోతే రాయితీ పోతుంది, సరుకు ఆగనక్కరలేదు. బీమా పాలసీ మరీ చిన్న సంగతి. 2007 నాటి విలువ నిర్ధారణ నిబంధనల ప్రకారం, బీమా ఖర్చు తెలియకపోతే సరుకు విలువ మీద 1.125 శాతం కలుపుకుని లెక్కిస్తారు. ఇక్కడ అది సుమారు 844 డాలర్లు. ఒక బీమా కాగితం కోసం కంటైనరును ఆపుకోవడంలో అర్థం లేదు.

మూలదేశ ధ్రువపత్రం సంగతి లెక్క వేసి తేల్చుకోవాలి. జీడిపిక్కల మీద దిగుమతి సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాలకు భారత్ ఇచ్చే సుంకం రాయితీ పథకం కింద టాంజానియా సరుకుకు అదీ ఉండదు, కానీ ధ్రువపత్రం కావాలి. డాలరు 85 రూపాయలనుకుంటే, బీమా కలిపిన విలువ సుమారు 64.47 లక్షలు. దాని మీద 2.5 శాతం సుంకం 1.61 లక్షలు, ఆ సుంకం మీద పది శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 16 వేలు, మొత్తం 1.77 లక్షలు. ధ్రువపత్రం విలువ ఇంతే. ఐజీఎస్టీ రెండు విధాలా కట్టాల్సిందే, జీఎస్టీ నమోదున్న కర్మాగారానికి అది మామూలుగా క్రెడిట్‌గా తిరిగొస్తుంది. మరోపక్క ఉచిత గడువు దాటాక కంటైనర్ల డిటెన్షన్, యార్డు అద్దె కలిపి రోజుకు 12 వేలు అనుకుంటే, పదిహేను రోజుల నిరీక్షణ ఈ 1.77 లక్షలను మింగేస్తుంది. ధ్రువపత్రం వారంలో వచ్చేలా ఉంటే ఆగవచ్చు. తేదీ ఎవరూ చెప్పలేకపోతే ఆగకూడదు.

ఆగకుండా ఉండటానికి దారులు రెండు. ఒకటి, 18వ సెక్షన్ కింద తాత్కాలిక మదింపు కోరి, బాండు ఇచ్చి, పత్రం తర్వాత సమర్పించడం. ఇది అధికారి ఒప్పుకుంటేనే కుదురుతుంది. రెండోది, పూర్తి సుంకం కట్టి సరుకు తీసుకుపోవడం. తర్వాత ధ్రువపత్రం వచ్చాక వాపసు అడుగుదామనుకునేవారు ఒక తీర్పును గుర్తుంచుకోవాలి. ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు 2019లో, మదింపు ఉత్తర్వును ముందు మార్పించుకోకుండా వాపసు దరఖాస్తు చెల్లదని చెప్పింది. అంటే బిల్లు సవరణకో, అప్పీలుకో ముందు వెళ్లాలి, వాపసుకున్న ఏడాది గడువు ఈలోగా నడుస్తూనే ఉంటుంది. పూర్తి సుంకం కట్టమని బ్రోకరుకు చెప్పేటప్పుడు, రాయితీ హక్కు నిలుపుకుంటూ కడుతున్నామని లేఖలో రాయడం, ఆ మాట అధికారికి ఇచ్చే జవాబులోనూ చేర్చమనడం మంచిది.

ఆసియాన్ దేశాలు, జపాన్, దక్షిణ కొరియా, యూఏఈ వంటి వాటితో ఉన్న వాణిజ్య ఒప్పందాల కింద రాయితీ కోరితే ధ్రువపత్రం ఒక్కటే చాలదు. 2020 సెప్టెంబరు 21న అమల్లోకి వచ్చిన కారోటార్ నిబంధనలు దిగుమతిదారే సరుకు ఎలా తయారైందో, మూలదేశ ప్రమాణం ఎలా నెరవేరిందో తెలిపే సమాచారాన్ని ఫారం-1 ప్రకారం దగ్గర పెట్టుకోవాలంటాయి. అధికారి అడిగితే అది పది పనిదినాల్లో ఇవ్వాలి. అలాంటి సరుకుల లేఖల్లో ఈ సమాచారం కోసం ఒక విడి అంశం ఉండాలి, అది ఎగుమతిదారు దగ్గర ముందే అడిగి తెచ్చుకున్నదై ఉండాలి.

బిల్ ఆఫ్ లేడింగ్ విషయంలో పొరపాటు మరో తీరుగా వస్తుంది. కస్టమ్స్ విడుదల ఒక వరుస, షిప్పింగ్ లైన్ డెలివరీ ఆర్డరు మరో వరుస. కస్టమ్స్‌కు స్కాన్ ప్రతి సరిపోవచ్చు. కానీ అసలు ప్రతి అప్పగిస్తేనో, ఎగుమతిదారు లోడింగ్ రేవులోనే అప్పగించి టెలెక్స్ రిలీజ్ ఇప్పిస్తేనో తప్ప షిప్పింగ్ లైన్ డెలివరీ ఆర్డరు ఇవ్వదు. అవుట్ ఆఫ్ చార్జ్ పడిన సాయంత్రం బ్యాంకులో అసలు ప్రతులు ఇంకా ఉన్నాయని తెలుసుకునే దిగుమతిదారులు ఉన్నారు. లేఖలో ఈ ఒక్క అంశాన్ని కస్టమ్స్ పత్రాల నుంచి విడదీసి, అసలు ప్రతి ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో రాయాలి. బిల్ ఆఫ్ లేడింగ్‌లోనే బరువో, కంటైనరు నంబరో తప్పుంటే అది దిగుమతిదారు దిద్దేది కాదు. ఓడ సరుకుల పట్టీని షిప్పింగ్ లైన్ సవరించాలి, అందుకు వారికి విడిగా రాయాలి. దాని ప్రతి బ్రోకరుకు పంపాలి.

కాలపరిమితి ఒకటి ఎప్పుడూ మనసులో ఉండాలి. 48వ సెక్షన్ ప్రకారం దించిన 30 రోజుల్లో విడిపించని సరుకును నోటీసు ఇచ్చి అమ్మే అధికారం సరుకు అధీనంలో ఉన్న సంస్థకు వస్తుంది. పత్రం ఖాయంగా ఆలస్యమవుతుందని తెలిస్తే, 49వ సెక్షన్ కింద గోదాములో ఉంచడానికి అనుమతి అడగమని బ్రోకరుకు రాయవచ్చు. పిక్కలు కంటైనరు నుంచి బయటపడి గాలి తగిలే చోట ఉంటాయి, కంటైనరు ఖాళీ అయి డిటెన్షన్ ఆగుతుంది. జీడి వంటి సరుకుకు ఈ దారి అద్దె లెక్క కంటే ఎక్కువ మేలు చేస్తుంది, కానీ అడిగేవారు తక్కువ.

మన ఉదాహరణ లేఖకు బ్రోకరు మరునాడే జవాబిస్తాడని, కొత్త ఫైటో స్కాన్ 12న వచ్చి ఎక్కుతుందని, మూలదేశ ధ్రువపత్రానికి 15 నాటికి కూడా తేదీ దొరకలేదని అనుకుంటే, లెక్క పూర్తి సుంకం వైపే మొగ్గుతుంది. 16న ఫైటో అసలు ప్రతి అందాక క్వారంటైన్ తనిఖీ, 17, 18 తేదీల్లో సుంకం చెల్లింపు, విడుదల, 19లోగా గేటు దాటడం సాధ్యమే. రోజులు ఇంత దగ్గరగా కలవడానికి కారణం 9వ తేదీ లేఖలో ప్రతి పత్రానికీ ఒక తేదీ ఉండటం, తేదీ లేనిదానికి 15న నిర్ణయం తీసుకోవాలని ముందే రాసుకోవడం.

సరుకు ఇంటికి చేరాక కూడా ఈ లేఖ, జవాబులు, ఐఆర్ఎన్ సంఖ్యల పట్టీ పారేయకూడదు. తక్కువ కట్టిన సుంకం కోసం మామూలుగా రెండేళ్లలోపు, సమాచారం దాచారన్న ఆరోపణ ఉంటే ఐదేళ్లలోపు కస్టమ్స్ శాఖ నోటీసు ఇవ్వవచ్చు. బ్రోకరు తన రికార్డులను కనీసం ఐదేళ్లు ఉంచాలని నిబంధన ఉంది. దిగుమతిదారు కూడా అంతకాలం ఈ కాగితాలను ఒకే ఫైలులో ఉంచుకోవాలి.